లోన్ ఇవ్వలేమని చెప్పే లేఖను మనిషికి రాసినట్టు తిరగరాయడం ఎలా

బెంగళూరు కేఆర్ పురం దగ్గర మా బ్యాంకు శాఖలో ఒక సాయంత్రం ఒకాయన నా టేబుల్ ముందు నిలబడ్డారు. ఊరు మదనపల్లె, టెక్ పార్కుల్లో లిఫ్టులు బాగుచేసే పని. చేతిలో మేం పంపిన లేఖ, నాలుగు మడతలు పెట్టి ఉంది. "ఏం రాసినారు మేడమ్ ఇందులో? లోన్ ఇస్తామన్నారా, లేదన్నారా?" అని అడిగారు. లేఖ ఇంగ్లీషులో ఒక వైపు, తెలుగులో ఒక వైపు ఉంది. ఆయన తెలుగు చక్కగా చదవగలరు. చదివాకే అడుగుతున్నారు.

ఆ లేఖలో ఉన్నది ఇది:

> అయ్యా, తమరి దరఖాస్తును పరిశీలించగా అది బ్యాంకు అంతర్గత విధివిధానాలకు అనుగుణంగా లేనందున ప్రస్తుత తరుణంలో పరిగణనలోకి తీసుకొనజాలమని తెలియజేయుటకు చింతిస్తున్నాము. ఈ విషయమై తదుపరి ఉత్తరప్రత్యుత్తరములు స్వీకరించబడవు.

తర్వాత ఇలాంటి లేఖలను తిరగరాసే పని నా మీదే పడింది. మీరు బ్యాంకులోనో ఫైనాన్స్ కంపెనీలోనో పనిచేస్తూ ఇలాంటి లేఖలు రాయాల్సి వస్తే ఏ వరసలో చేయాలో ఈ ఒక్క లేఖనే పట్టుకుని చెబుతాను. వివరాల్లో అంకెలు కొద్దిగా మార్చాను, లెక్క మాత్రం అలాగే ఉంచాను.

ముందు అసలు కారణం పట్టుకోండి

లేఖ ముందు పెట్టుకుని మాటలు మార్చడం మొదలుపెట్టకండి. దరఖాస్తును పరిశీలించి క్రెడిట్ ఆఫీసరు రాసిన అప్రైజల్ నోట్ తెప్పించుకోండి. సిస్టమ్‌లో రిజెక్ట్ కోడ్ ఒకటి ఉంటుంది, దాని పక్కన "పాలసీ నార్మ్స్ నాట్ మెట్" లాంటి వాక్యం ఉంటుంది. అది కారణం కాదు, కారణాన్ని పెట్టిన డబ్బా. డబ్బా తెరిచి చూడాలి.

ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. రిజర్వ్ బ్యాంకు 2003లో రుణదాతల కోసం న్యాయమైన వ్యవహార నియమావళి ఇచ్చినప్పుడు, 2 లక్షల వరకు లోన్ అడిగిన చిన్నవాళ్లకు కాదన్న ముఖ్య కారణాలను రాతపూర్వకంగా చెప్పాలంది. 2007 మార్చిలో ఆ పరిమితి తీసేసింది. అప్పటినుంచి ఎంత లోన్ అయినా, క్రెడిట్ కార్డు దరఖాస్తు అయినా, ముఖ్య కారణం రాసి చెప్పాల్సిందే. "అంతర్గత విధివిధానాలు" అని రాస్తే కారణం చెప్పినట్టు ఎలా అవుతుంది? మా పాత లేఖ మోటుగా ఉండటం ఒక్కటే దాని తప్పు కాదు. చెప్పాల్సింది చెప్పలేదు కూడా.

మదనపల్లె ఆయన ఫైల్లో రెండు కారణాలు బయటపడ్డాయి. ఆయన అడిగింది 5 లక్షలు, ఐదేళ్ల గడువు, 13 శాతం వడ్డీ. నెలకు కిస్తీ సుమారు 11,380 రూపాయలు అవుతుంది. చేతికొచ్చే జీతం 42,000. ఇప్పటికే బండి లోన్‌కు 4,600, వేరే చోట తీసుకున్న పర్సనల్ లోన్‌కు 13,900, మొత్తం 18,500 కడుతున్నారు. కొత్తది కలిస్తే 29,880. అంటే జీతంలో 100కి 71 రూపాయలు కిస్తీలకే పోతాయి. మా బ్యాంకు పెట్టుకున్న హద్దు సగం, అంటే 21,000. ఈ హద్దు ఏ బ్యాంకుకు ఆ బ్యాంకు పెట్టుకునేది. ఆర్బీఐ రూల్ అని లేఖలో రాయకండి, చాలామంది రాసేస్తుంటారు.

రెండోది క్రెడిట్ రిపోర్టు. మరో సంస్థ ఇచ్చిన క్రెడిట్ కార్డు ఒకటి అందులో "సెటిల్డ్" అని ఉంది. 46,000 బాకీ ఉంటే 25,000 తీసుకుని ఆ సంస్థ ఖాతా ముగించింది, మిగతా 21,000 వదులుకుంది. ఆయన దృష్టిలో అది కట్టేసిన బాకీ. "వాళ్లే ఫోన్ చేసి ఇంత కట్టు చాలు అన్నారు, కట్టేసినా" అన్నారు నాతో. అప్పిచ్చే మరో బ్యాంకు కళ్లకు మాత్రం అది సగం కట్టిన బాకీ. రెండు చూపుల మధ్య ఉన్న ఈ తేడానే లేఖ విప్పి చెప్పాలి. పాత లేఖలో దీని ఊసే లేదు.

క్రెడిట్ ఆఫీసరును అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఈ రెండింటిలో ఒకటి లేకపోతే లోన్ ఇచ్చేవారా?" అప్పుడూ ఇచ్చేవాళ్లం కాదంటే రెండూ ముఖ్య కారణాలే, రెండూ రాయాలి. ఒకటి మాత్రమే నిజంగా అడ్డమైతే దాన్నే ముందు రాయాలి. నోట్‌లో ఏడు లోపాలు రాసుంటే ఏడూ లేఖలోకి ఎక్కించకండి. గోరుచుట్టు మీద రోకలిపోటులా ఉంటుంది, పైగా అసలు కారణం ఏదో ఆయనకు దొరకదు.

తగ్గకూడని విషయాలకు రంగు వేయండి

ఇప్పుడు లేఖలో తప్పనిసరిగా ఉండాల్సినవేవో ఒక కాగితం మీద విడిగా రాసుకోండి. నేను పసుపు హైలైటర్ వాడతాను. పసుపు పడినదాని మాట మార్చవచ్చు, విషయం మాత్రం తగ్గకూడదు.

క్రెడిట్ రిపోర్టు ఆధారంగా కాదన్నప్పుడు ఈ పసుపు భాగం పెద్దదవుతుంది. 2005 నాటి క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం కింద వచ్చిన నియమాల ప్రకారం, నిర్ణయం తీసుకున్న 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. నిర్దిష్ట కారణాలు రాయాలి. మనం చూసిన రిపోర్టు కాపీ జతచేయాలి. ఆ రిపోర్టు ఇచ్చిన కంపెనీ పేరు, చిరునామా ఇవ్వాలి. దేశంలో ఇలాంటి కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్. మనవాళ్లు అన్నింటినీ "సిబిల్" అనే అంటారు కాబట్టి లేఖలోనూ అలవాటుగా సిబిల్ అని రాసేసే ప్రమాదం ఉంది. మీరు చూసింది క్రిఫ్ రిపోర్టు అయితే, పాపం ఆయన సిబిల్ చుట్టూ తిరుగుతారు. రిపోర్టు మీద ఉన్న పేరు చూసి రాయండి.

దీనితో పాటు దరఖాస్తు నంబరు, తేదీ, వసూలు చేసిన ఫీజులో ఎంత తిరిగి వస్తుంది, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నవి కూడా పసుపులోకి వస్తాయి. దరఖాస్తుదారు ఎస్సీ, ఎస్టీ వర్గానికి చెందినవారైతే మాటలు దిద్దేముందు ఇంకో సంగతి చూడండి. అలాంటి దరఖాస్తును శాఖ స్థాయిలో కాదనకూడదు, పై స్థాయి అధికారే నిర్ణయించాలి. ఆ సంతకం లేకపోతే లేఖ వెనక్కి పంపండి.

పాత లేఖ చివరి వాక్యం గుర్తుందా, ఉత్తరప్రత్యుత్తరాలు స్వీకరించబడవని? ఒక పక్క ఫిర్యాదు చేసుకునే హక్కు ఉందని చెప్పాల్సిన లేఖలోనే మరో పక్క మాట్లాడొద్దని రాయడం అది. దాన్ని మృదువుగా మార్చే పని కూడా పెట్టుకోకండి, కొట్టేయండి.

మొదటి వాక్యంలోనే లేదని చెప్పండి

మానవీయంగా రాయమంటే చాలామంది మొదటి పేరా అంతా కృతజ్ఞతలతో నింపుతారు. "మా బ్యాంకుపై మీరు ఉంచిన నమ్మకానికి" అని మొదలై, నాలుగు వాక్యాల తర్వాత ఎక్కడో "అయితే" వస్తుంది. చావు కబురు చల్లగా చెప్పడమే ఇది. లేఖ విప్పే మనిషి కళ్లు వెతికేది ఒక్క మాట కోసం. అది మొదటి వాక్యంలో లేకపోతే మిగతాదంతా టెన్షన్‌తో చదువుతారు, ఏదీ తలకెక్కదు.

తెలుగులో ఇక్కడ ఒక చిక్కుంది. "ఇవ్వలేకపోతున్నాం" అంటే మర్యాదగా ఉంటుంది, కానీ దాని పక్కన "ప్రస్తుతానికి" చేరిందంటే వచ్చే వారం ఇస్తారేమో అనిపిస్తుంది. "తిరస్కరించడమైనది" స్పష్టంగానే ఉంటుంది, కానీ ఎవరు తిరస్కరించారో ఉండదు, ఆకాశవాణి ప్రకటనలా పైనుంచి పడుతుంది. నేను చివరికి కుదుర్చుకున్న వాక్యం: "మీరు అడిగిన 5 లక్షల లోన్ ఇవ్వకూడదని మేం నిర్ణయించాం." కొందరు ఆఫీసర్లకు ఇది కటువుగా అనిపించింది. "ఇవ్వకూడదని" బదులు "ఇవ్వడం కుదరదని" అంటే ఒప్పుకున్నారు. అదీ సరే. "మేం" ఉండాలి, "నిర్ణయించాం" ఉండాలి. పాము చావకుండా కర్ర విరగకుండా రాసిన వాక్యం వల్లనే కదా ఆయన కేఆర్ పురం దాకా సెలవు పెట్టుకుని వచ్చింది.

"చింతిస్తున్నాము" అన్నది కూడా తీసేశాను. అది అచ్చు యంత్రం పడే చింత అని చదివేవాళ్లకు తెలుసు. దాని బదులు "ఇది మీరు ఆశించిన జవాబు కాదని తెలుసు" అని ఒక్క వాక్యం చాలు.

కారణాన్ని లెక్కగా చూపండి, మనిషి మీద తీర్పుగా కాదు

"మీ తిరిగి చెల్లించే సామర్థ్యం సరిపోదు" అని రాస్తే అది మనిషిని అన్నట్టు ఉంటుంది. "మీ జీతం 42,000, ఇప్పటి కిస్తీలు 18,500, కొత్త కిస్తీ కలిస్తే 29,880" అని రాస్తే అది లెక్క. లెక్కను ఆయన సరిచూసుకోగలరు. సరిచూసుకోగలగడమే ఇందులో ముఖ్యం. మనం ఏదైనా తప్పు పట్టామేమో, మూసేసిన లోన్‌ను ఇంకా నడుస్తోందని లెక్కేశామేమో, అంకెలుంటేనే బయటపడుతుంది. ఒక ఫైల్లో గత నెలే తీరిపోయిన బండి లోన్‌ను కలిపి లెక్కేసినట్టు దరఖాస్తుదారే ఫోన్ చేసి చెప్పారు. పాత పద్ధతి లేఖ వెళ్లుంటే ఆ తప్పు అలాగే ఉండిపోయేది.

సగం హద్దు అని బయటపెట్టడానికి, నియమాలు పాటిస్తున్నామో లేదో చూసే మా కాంప్లయన్స్ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. మీ దగ్గరా ఒప్పుకోకపోతే హద్దు చెప్పకుండా లెక్క మాత్రం చూపండి: "కిస్తీలకే జీతంలో 100కి 71 రూపాయలు పోతాయి, మా లెక్కలో ఇది ఎక్కువ." కొంత తగ్గుతుంది కానీ కారణం మిగులుతుంది.

క్రెడిట్ రిపోర్టు విషయంలో "మీ స్కోరు తక్కువ" అని రాసి వదిలేయకండి. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉండే ఒక అంకె. 668 అని చెబితే ఆయన ఏం చేసుకోవాలి? ఏ ఖాతా వల్ల, రిపోర్టులో ఏ పేజీలో, ఏమని ఉంది అన్నది చెప్పాలి. "ఎగవేత", "డిఫాల్టర్" లాంటి మాటలు వద్దే వద్దు. రిపోర్టులో ఉన్నది "సెటిల్డ్", మనం కూడా ఆ మాటే రాసి అర్థం చెబుదాం. ఇంకో జాగ్రత్త: ఆ రిపోర్టులోని సమాచారం వేరే సంస్థ ఇచ్చింది, అది నిజమని మనం పూచీపడలేం. "మీరు సగమే కట్టారు" అని కాదు, "రిపోర్టులో ఇలా ఉంది" అని రాయాలి.

మొదటిసారి అప్పు అడిగేవాళ్ల సంగతి వేరు. రిపోర్టులో ఏమీ లేదన్న ఒక్క కారణంతో వాళ్లను కాదనకూడదని ఆర్బీఐ చెప్పింది. కనీసం ఇంత స్కోరు ఉండాలని కూడా అది ఎక్కడా నిర్ణయించలేదు. "క్రెడిట్ హిస్టరీ లేదు" అనే ఒక్కటే కారణంగా ఫైలు మీ దగ్గరికి వస్తే మాటలు దిద్దడం ఆపి నిర్ణయాన్నే మళ్లీ చూడమనండి.

చెప్పకూడనివి కూడా ఉంటాయి

భార్య సహ దరఖాస్తుదారుగా ఉండి, ఆమె రిపోర్టు వల్ల లోన్ ఆగిందనుకోండి. భర్తకు పంపే లేఖలో ఆమె పాత బాకీ వివరాలు రాయకూడదు. ఇద్దరికీ వేర్వేరు లేఖలు వెళ్లాలి. ఆయన లేఖలో "సహ దరఖాస్తుదారు క్రెడిట్ సమాచారం కూడా ఒక కారణం, ఆ వివరాలు వారికి విడిగా పంపాం" అని ఉండాలి. ఇంట్లో గొడవ అయ్యే అవకాశం ఉంది కదా అని ఆ వాక్యాన్నే తీసేస్తే కారణం దాచినట్టవుతుంది. ఈ ఇరుకులో నాకు దొరికిన దారి ఇంతే.

అనుమానాస్పద లావాదేవీల కోణం ఏదైనా ఫైల్లో ఉంటే లేఖ మీరు రాయకండి. అలాంటి లావాదేవీలపై బ్యాంకు నుంచి ప్రభుత్వానికి నివేదిక వెళ్లిన సంగతి ఖాతాదారుకు తెలియనివ్వకూడదు. ఫైలు మొత్తం కాంప్లయన్స్‌కు ఇచ్చేయండి.

దారి చూపండి, మాట ఇవ్వకండి

మంచి మనసున్నవాళ్లు ఎక్కువగా జారేది ఈ పేరాలోనే. "ఆరు నెలల తర్వాత రండి, ఇచ్చేస్తాం" అని రాయబుద్ధవుతుంది. ఆయన ఆరు నెలలు ఆగి వస్తారు, అప్పటికి వడ్డీ మారుతుంది, పాలసీ మారుతుంది, మళ్లీ కాదంటాం. అప్పుడు మన సంతకంతో ఉన్న లేఖ ఆయన చేతిలో ఉంటుంది.

మన కేసులో చెప్పదగిన నిజం ఒకటుంది. 13,900 కిస్తీ ఉన్న పర్సనల్ లోన్ ఇంకో ఎనిమిది నెలల్లో తీరిపోతుంది. అప్పుడు బండి కిస్తీ 4,600, కొత్తది 11,380, మొత్తం 15,980. హద్దులోపే. దీన్ని లెక్కగా చెప్పవచ్చు, "అప్పుడు మళ్లీ కొత్తగా పరిశీలిస్తాం, ఫలితం ముందే చెప్పలేం" అని పక్కనే రాసి. ఈ రెండో ముక్క పసుపు.

సెటిల్డ్ ఖాతా విషయంలో: మిగిలిన మొత్తం గురించి ఆ సంస్థతోనే మాట్లాడుకోవాలి, కడితే బాకీ లేదన్న కాగితం తీసుకోవాలి, రిపోర్టులో మార్పించమని అడగాలి. కట్టమని మనం సలహా ఇవ్వకూడదు. 21,000 కట్టాలో వద్దో ఆయన ఇష్టం. కట్టినా మన నిర్ణయం మారకపోవచ్చు.

ఇంకో వాక్యం నేను కావాలనే కలిపాను, నియమం అడగకపోయినా. లోన్ కోసం అడిగిన ప్రతిసారీ బ్యాంకు రిపోర్టు తెప్పిస్తుంది, ఆ ఎంక్వైరీ రిపోర్టులో నమోదవుతుంది. కాదనిపించుకున్న కోపంలో వారం తిరక్కుండా నాలుగు చోట్ల అప్లై చేస్తే నాలుగూ కనిపిస్తాయి. మారతహళ్లి సిగ్నల్ దగ్గర "సిబిల్ లేకుండా లోన్" అని అంటించిన కాగితాలు చూసే ఉంటారు. కాదన్న రోజునే ఆ నంబరుకు ఫోన్ చేయాలనిపిస్తుంది.

తప్పుంటే సరిచేసుకునే దారి

రిపోర్టులో తప్పుందనుకుంటే ఆయన సమాచారం ఇచ్చిన సంస్థకు గానీ క్రెడిట్ సమాచార కంపెనీకి గానీ రాయవచ్చు. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఈ పరిహారం సంగతి ఆర్బీఐ 2023 అక్టోబరులో చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నాలుగు కంపెనీల నుంచీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తెచ్చుకోవచ్చు. ఇవన్నీ రెండు వాక్యాల్లో చెప్పేయండి.

మన బ్యాంకు మీద ఫిర్యాదు సంగతి కొంచెం ఆలోచించి రాయాలి. ముందు శాఖకు లేదా బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు. వెబ్‌సైటు `cms.rbi.org.in`, ఫోన్ 14448, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక్కడ నిజాయితీగా ఒక ముక్క కలపాలి: లోన్ ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దాన్ని అంబుడ్స్‌మన్ మార్పించరు. కారణం చెప్పకపోవడం, రిపోర్టు కాపీ ఇవ్వకపోవడం, ఆలస్యం చేయడం లాంటి సేవాలోపాలనే చూస్తారు. ఇది రాయకపోతే అంబుడ్స్‌మన్ లోన్ ఇప్పిస్తారని నమ్మి ఆయన మళ్లీ నెలలు పోగొట్టుకుంటారు. సర్క్యులర్ నంబర్లు మాత్రం లేఖలో వేయకండి. ఆర్బీఐ 2025 నవంబరులో వేల పాత సర్క్యులర్లను కలిపి కొత్త ఆదేశాలుగా ఇచ్చింది, టెంప్లేటులో మిగిలిపోయిన పాత నంబరు తప్పు దారి చూపిస్తుంది.

తిరగరాసిన లేఖ

> …… గారికి,
>
> మీరు అడిగిన 5 లక్షల రూపాయల పర్సనల్ లోన్ (దరఖాస్తు నంబరు ……, తేదీ ……) ఇవ్వడం కుదరదని మేం నిర్ణయించాం. ఇది మీరు ఆశించిన జవాబు కాదని తెలుసు. ఎందుకో కింద వివరిస్తున్నాం.
>
> మొదటి కారణం, నెలవారీ కిస్తీల లెక్క. మీ చేతికొచ్చే జీతం 42,000. ఇప్పుడు కడుతున్న కిస్తీలు 18,500 (బండి లోన్ 4,600, పర్సనల్ లోన్ 13,900). మీరు అడిగిన లోన్‌కు కిస్తీ సుమారు 11,380. మొత్తం 29,880 అవుతుంది. కిస్తీలన్నీ కలిపి జీతంలో సగం, అంటే 21,000 దాటకూడదన్నది మా బ్యాంకు నియమం. ఈ అంకెల్లో ఏదైనా తప్పుంటే మాకు చెప్పండి, సరిచూస్తాం.
>
> రెండో కారణం, మీ క్రెడిట్ రిపోర్టు. (కంపెనీ పేరు, చిరునామా) నుంచి …… తేదీన తీసుకున్న రిపోర్టు కాపీ జతచేశాం. 3వ పేజీలో ఒక క్రెడిట్ కార్డు ఖాతా "సెటిల్డ్" అని ఉంది. అంటే మొత్తం బాకీలో కొంత తీసుకుని ఖాతా ముగించినట్టు ఆ కార్డు సంస్థ తెలిపింది. ఇలాంటి ఖాతా ఉన్నప్పుడు మేం ఈ రకం లోన్ ఇవ్వడం లేదు. నిర్ణయం మాది, రిపోర్టు ఇచ్చిన కంపెనీది కాదు.
>
> రిపోర్టులో తప్పుందనుకుంటే కార్డు సంస్థకు గానీ పై కంపెనీకి గానీ రాయవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం అడగవచ్చు.
>
> మీ పర్సనల్ లోన్ ఎనిమిది నెలల్లో తీరుతుందని మీ పత్రాల్లో ఉంది. అప్పుడు మొదటి కారణంలోని లెక్క మారుతుంది. ఎప్పుడైనా మళ్లీ దరఖాస్తు చేయవచ్చు, అప్పటి వివరాలను బట్టి కొత్తగా పరిశీలిస్తాం. ఫలితం ముందే చెప్పలేం. తక్కువ రోజుల్లో చాలా చోట్ల దరఖాస్తు చేస్తే అవన్నీ రిపోర్టులో కనిపిస్తాయని గమనించండి.
>
> మీరు కట్టిన ఫీజు 1,180 రూపాయలు 7 పనిదినాల్లో మీ ఖాతాలో జమ అవుతుంది.
>
> సందేహాలుంటే …… గారికి …… నంబరులో ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. ఫిర్యాదు ఉంటే …… కు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు సరిగా లేదనిపించినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (`cms.rbi.org.in`, 14448) చెప్పవచ్చు. లోన్ ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని వారు మార్చరు. మా సేవలో లోపాన్ని విచారిస్తారు.

పాత లేఖ నాలుగు లైన్లు, ఇది ఒక పేజీ. పొడుగైందని మా మేనేజరు గారు గొణిగారు. ఆ నాలుగు లైన్లు అర్థంకాక వచ్చినవాళ్లతో కౌంటర్లో పోయే అరగంట ఆయన లెక్కలో లేదు.

పంపేముందు

లేఖను ఆఫీసులో లోన్ల సంగతి తెలియని తెలుగువాళ్లెవరికైనా ఇచ్చి చదివించండి. మా దగ్గర హిందూపురం నుంచి వచ్చిన సెక్యూరిటీ అన్న చదివేవారు. చదివాక లేఖ వెనక్కి తీసుకుని మూడు అడగండి: లోన్ వచ్చిందా? ఎందుకు రాలేదు? ఇప్పుడు ఏం చేయొచ్చు? మొదటి డ్రాఫ్టుకు మూడో ప్రశ్నకు ఆయన "21,000 కడితే లోన్ ఇస్తారంట" అన్నారు. హద్దు 21,000, కార్డు సంస్థ వదులుకున్నది కూడా 21,000, రెండూ కలిసిపోయాయి. అందుకే చివరి లేఖలో కార్డు మొత్తం లేదు, రిపోర్టు కాపీలో ఎలాగూ ఉంటుంది.

తర్వాత పసుపు కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అంశం లేఖలో ఎక్కడుందో వేలు పెట్టి చూడండి. అప్పుడు కాంప్లయన్స్‌కు. తెలుగు, ఇంగ్లీషు ప్రతులు రెండూ వెళ్తుంటే, తెలుగు ప్రతిని వేరొకరితో తిరిగి ఇంగ్లీషులోకి చెప్పించి రెంటినీ పోల్చండి. "కుదరదని నిర్ణయించాం" అన్నది ఇంగ్లీషులో "ప్రస్తుతానికి వాయిదా" అయిపోతే ఇక్కడే దొరుకుతుంది. బెంగళూరు శాఖ కాబట్టి కన్నడ ప్రతి కూడా ఉంటుంది, దానికీ ఇదే.

చివరగా పంపడం. ఎస్ఎంఎస్‌లో "మీ లోన్ దరఖాస్తుపై లేఖ పంపాం" అన్నంత వరకే ఉండాలి. కారణం అందులో పెట్టకండి, ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ పెట్టండి, కాగితం లేఖ ఇంటి చిరునామాకే పంపండి, పనిచేసే చోటికి కాదు. 30 రోజుల గడువు నిర్ణయం తేదీ నుంచి లెక్క, లేఖ మీద వేసిన తేదీ నుంచి కాదు. పంపిన రుజువు ఫైల్లో పెట్టండి.

మదనపల్లె ఆయనకు కొత్త లేఖ నేనే చేతికిచ్చాను. కుర్చీలో కూచుని రెండుసార్లు చదివారు. జేబులోంచి పెన్ను తీసి 13,900 కింద గీత గీసి, "ఇది జనవరిలో తీరిపోతుంది మేడమ్, సరిగ్గానే రాసినారు" అన్నారు. ఆ తర్వాత కార్డు సంస్థ నంబరు ఎక్కడుందో చూపించమన్నారు.